'అవును' కింద దాగిన ఖాళీలు

పెద్ద కంపెనీకి సరుకో పనో అమ్ముకోవాలంటే ధర చెప్పడం తర్వాతి సంగతి. అంతకంటే ముందు ఒక ఫారం నింపాలి. రిఫైనరీలకు, విద్యుత్ కేంద్రాలకు, మందుల ఫ్యాక్టరీలకు పనిచేసే చిన్న కాంట్రాక్టర్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. కొందరు వెండర్ రిజిస్ట్రేషన్ అంటారు, కొందరు పీక్యూ అంటారు. కొటేషన్ అడగడానికి ముందే మీరెవరు, మీ దగ్గర డబ్బుందా, ఇలాంటి పని ఎప్పుడైనా చేశారా, మీ షెడ్డులో మనుషులు భద్రంగా ఉంటున్నారా అని కొనేవాళ్లు అడిగే ప్రశ్నల కట్ట అది. ప్రతి ప్రశ్నకూ జవాబు రాయాలి, జవాబు వెనక కాగితం పెట్టాలి.

ఇప్పుడు ఈ ఫారాలు చాలావరకు ఆన్‌లైన్లోనే ఉంటున్నాయి. అన్ని గళ్లూ నిండగానే తెర మీద ఆకుపచ్చ రంగులో 'నూరు శాతం పూర్తయింది' అని వస్తుంది. చాలామంది అక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. రెండు మూడు వారాలు తిరక్కుండానే 'మీ వివరాలు అసంపూర్తిగా ఉన్నాయి' అని మెయిల్ వస్తుంది. కంప్యూటర్ పూర్తయిందంటుంది, కంపెనీ కాలేదంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. గడిలో ఏదో ఒక ఫైలు ఉందా లేదా అన్నది మాత్రమే కంప్యూటర్ చూస్తుంది. ఖాళీ లెటర్‌హెడ్ స్కాన్ చేసి పెట్టినా దానికి అభ్యంతరం లేదు. ఆ ఫైలు తెరిచి చదివేది అవతల కూర్చున్న మనిషి.

కాబట్టి ఏం మిగిలిపోయిందో కనుక్కోవడానికి ఖాళీ గళ్లు లెక్కపెడితే చాలదు. అవి కళ్లకు కనిపించేవే, ఎవరైనా పట్టుకుంటారు. పేచీ అంతా 'అవును' అని రాసిన గళ్ల దగ్గర ఉంటుంది.

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపు ఉందనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి షాపుల్లో మళ్లీమళ్లీ ఎదురయ్యే సంగతులన్నీ ఒకేచోట చేర్చి చెబుతున్నాను. వాళ్ల పని పైపులు కోసి, వెల్డింగ్ చేసి స్పూళ్లు తయారుచేయడం, ఇనుప స్ట్రక్చర్లు కట్టడం. ఇద్దరు బావాబావమరుదులు భాగస్వాములుగా మొదలుపెట్టి 2021లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారారు. 2023లో ఇరుకు షెడ్డు వదిలి పక్క వీధిలో పెద్ద షెడ్డుకు వచ్చారు. రోల్స్ మీద 38 మంది, కాంట్రాక్టు మీద మరో 12 మంది ఉన్నారు. 2025 ఆగస్టులో ఒక ప్రాసెస్ ప్లాంటు వాళ్లకు రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు చేశారు. ఫారంలో నంబరు వేసిన ప్రశ్నలు 48. అకౌంట్స్ చూసే అమ్మాయి, క్వాలిటీ చూసే కుర్రాడు కలిసి నాలుగు రోజుల్లో నింపేశారు. "అన్నీ ఎక్కించేశామండి, ఆరే మిగిలాయి" అన్నారు యజమానితో.

ఆరు కావు. ఎన్నో తెలియాలంటే ముందు ప్రశ్నలను విడగొట్టాలి.

ఇలాంటి ఫారాల్లో ఒక నంబరు కింద ఒకే ప్రశ్న ఉండటం అరుదు. భద్రత విభాగంలో ఇలా ఉంటుంది: 'మీకు రాతపూర్వక భద్రతా విధానం ఉందా, దానిపై సంస్థ అధిపతి సంతకం చేశారా, గత 12 నెలల్లో సమీక్షించారా, కార్మికులకు అర్థమయ్యే భాషలో తెలియజేశారా?' నాలుగు ప్రశ్నలకూ కలిపి ఒకటే గడి. అందులో మన కుర్రాడు 'అవును' అని రాసి విధానం కాపీ ఒకటి జతచేశాడు. ఆ కాపీ మొదటి ప్రశ్నకు సరిపోతుంది. కింద సంతకం ఉంది కాబట్టి రెండోదానికీ సరిపోతుంది. సంతకం కింద తేదీ 2022 నాటిది, అంటే సమీక్షకు రుజువు లేదు. విధానం ఇంగ్లిషులో ఉంది. షెడ్డులో పనిచేసేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడిశావాళ్లు, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు వాళ్ల భాషలో చెప్పినట్టు ఒక్క కాగితమూ లేదు. ఒక్క 'అవును' వెనక రెండు నిజాలు, రెండు లోట్లు ఉన్నాయి. పని మొదలయ్యే ముందు రోజూ ఐదు నిమిషాలు చెప్పే టూల్‌బాక్స్ మాటలకు రిజిస్టరు ఉండి, అందులో ఏ విషయం ఏ భాషలో చెప్పారో, ఎవరు సంతకం పెట్టారో ఉంటే నాలుగో ప్రశ్న అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ రిజిస్టరు వీళ్ల దగ్గర ఉంది కూడా. సూపర్‌వైజర్ బల్ల సొరుగులో. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఇలా విడగొడితే 48 ప్రశ్నలు 83 వరుసలయ్యాయి. ఒక ఎక్సెల్ షీటు తెరిచి, ప్రతి చిన్న ప్రశ్నకూ ఒక వరుస కేటాయించి, పక్కన మనం రాసిన జవాబు, వాళ్లు అడిగిన రుజువు, మన దగ్గరున్న కాగితం అని వరుసగా గళ్లు పెట్టుకున్నారు. దీన్ని వాళ్లు పెండింగ్ లిస్టు అన్నారు. ఇక్కడ తొందరపడితే మొత్తం పని చెడుతుంది. 'అడిగిన రుజువు' అన్న గడిలో మనకు గుర్తున్నది రాయకూడదు, ఫారంలో ఉన్న మాటను ఉన్నట్టుగా దించుకోవాలి. 'ఆర్థిక వివరాలు' అని రాసుకుంటే ఏ బ్యాలెన్స్ షీటైనా సరిపోతుందనిపిస్తుంది. ఫారంలో నిజానికి ఉన్నది 'గత మూడు ఆర్థిక సంవత్సరాల ఆడిట్ అయిన లెక్కలు, నోట్సుతో సహా' అని. ఇందులో మూడు, ఆడిట్, నోట్సు అన్న ప్రతి మాటా ఒక్కో షరతు.

ఇక ప్రతి కాగితాన్నీ నాలుగు విషయాల్లో సరిచూడాలి. దాని మీద ఎవరి పేరుంది, ఏ చిరునామా ఉంది, ఏ కాలానికి సంబంధించింది, ఏ పని గురించి చెబుతోంది. పేరు, చోటు, కాలం, పని. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది కాగితమే గానీ ఆ ప్రశ్నకు రుజువు కాదు.

పేరు దగ్గరే మన షాపు గట్టి దెబ్బ తింది. పని అనుభవం విభాగంలో ఐదు పనులు చూపించారు. అందులో పెద్దవి రెండూ 2019లో, 2020లో చేసినవి. అప్పటికి కంపెనీ లేదు, భాగస్వామ్య సంస్థే ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ల మీద పాత పేరుంది, దరఖాస్తు మీద కొత్త పేరుంది. "అదీ మేమే కదండీ" అంటాడు యజమాని. ఆయనకు అది పగటి వెలుతురంత స్పష్టం. కాగితాలు చదివే మనిషికి మాత్రం అవి రెండు వేర్వేరు సంస్థలు. రెండూ ఒకటేనని నిరూపించే వంతెన కాగితాలు కావాలి: పాత భాగస్వామ్య పత్రం, కంపెనీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, పాత సంస్థ వ్యాపారాన్ని ఆస్తులతో అప్పులతో సహా కొత్త కంపెనీ తీసుకున్నట్టు చూపే ఒప్పందం. ఈ మూడోది లేకపోతే పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలో లేదో కొనేవాళ్ల ఇష్టం. మన షాపులో ఒప్పందం ఉంది, ఆడిటర్ గారి ఫైల్లో. దాన్ని జతచేయాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఫారంలో అలాంటి గడి లేదు. పెండింగ్ లిస్టు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ఫారం అడగని కాగితం కూడా ఒక్కోసారి జవాబుకు అవసరమవుతుంది.

అనుభవం విభాగంలోనే ఇంకో పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. పూర్తిచేసిన పనికి రుజువుగా వర్క్ ఆర్డర్ పెడతారు. వర్క్ ఆర్డర్ చెప్పేది పని మనకు ఇచ్చారని. ఇన్‌వాయిస్ చెప్పేది మనం డబ్బు అడిగామని. పని పూర్తయింది, బాగుంది అని చెప్పాల్సింది పని చేయించుకున్నవాళ్లు. అందుకే కంప్లీషన్ సర్టిఫికెట్ అడుగుతారు. అందులో వర్క్ ఆర్డర్ నంబరు, పని వివరం, చివరికి తేలిన విలువ, పూర్తయిన తేదీ ఉండాలి. ప్రైవేటు కంపెనీలు ఈ సర్టిఫికెట్ ఇవ్వడానికి నెలలు తిప్పుతాయి. ఆ మధ్యలో బిల్లుల మీద మినహాయించిన టీడీఎస్ సర్టిఫికెట్లు కొంత ఆసరా. ఫలానా సంవత్సరంలో ఫలానా కంపెనీ ఇంత సొమ్ము చెల్లించిందని అవి చూపిస్తాయి. ప్రైవేటు పనుల్ని అనుభవంగా చూపిస్తే ప్రభుత్వ టెండర్లలో చాలాచోట్ల వీటిని సర్టిఫికెట్‌తో పాటు కలిపే అడుగుతారు. పని నాణ్యత గురించి మాత్రం టీడీఎస్ ఒక్క ముక్కా చెప్పదు, కాబట్టి దాన్ని సర్టిఫికెట్‌కు ప్రత్యామ్నాయం అనుకోకూడదు.

కాలం సంగతికి వస్తే ప్రభుత్వ పనుల టెండర్లలో ఒక లెక్క బాగా వాడుకలో ఉంది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల నుంచి వచ్చింది. గత ఏడేళ్లలో ఇలాంటి పనులే, అంచనా విలువలో 40 శాతానికి తగ్గనివి మూడు గానీ, 50 శాతానికి తగ్గనివి రెండు గానీ, 80 శాతానికి తగ్గనిది ఒకటి గానీ పూర్తిచేసి ఉండాలి. ఏడేళ్లను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో కూడా అందులోనే ఉంది: దరఖాస్తులు పిలిచిన నెలకు ముందు నెల చివరి రోజు నుంచి వెనక్కి. అంటే 2025 ఆగస్టులో పిలిస్తే లెక్క 2025 జూలై 31 దగ్గర ఆగుతుంది. 2018 జూన్‌లో ముగిసిన పని ఎంత గొప్పదైనా ఆ లెక్కలోకి రాదు. మన షాపు దరఖాస్తు చేసింది ప్రైవేటు సంస్థకు, వాళ్ల కొలతలు వేరు. కానీ ఇలాంటి గడువు ఏ ఫారంలోనైనా ఎక్కడో ఒక మూల ఉంటుంది, సాధారణంగా ప్రశ్నలో కాకుండా ముందుమాటలో. నింపేవాళ్లు ముందుమాట చదవరు. (చదివేలా రాయరు కూడా, ఆ మాటా చెప్పాలి.)

లెక్కల విభాగంలో లోటు ఇంకో రకం. ఫారం అడిగిన మూడేళ్లు 2022-23, 2023-24, 2024-25. ఆగస్టు నాటికి చివరి సంవత్సరం ఆడిట్ ఇంకా ముగియలేదు. అకౌంట్స్ అమ్మాయి టాలీ నుంచి బ్యాలెన్స్ షీటు తీసి, మిగతా రెండింటి పక్కన పెట్టింది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నాయి. మూడోదానిపై ఆడిటర్ సంతకం లేదు, యూడిన్ లేదు. యూడిన్ అంటే చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసే ప్రతి సర్టిఫికెట్‌కూ నివేదికకూ తీసుకోవాల్సిన 18 అక్షరాల గుర్తింపు సంఖ్య. 2019 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. అవతలి మనిషి ఐసీఏఐ పోర్టల్లో ఆ సంఖ్య కొడితే సంతకం అసలుదో కాదో తేలిపోతుంది. ఇలాంటప్పుడు రెండే దారులు. ఫారం ఒప్పుకుంటే చివరి సంవత్సరానికి తాత్కాలిక లెక్కలని స్పష్టంగా పేరు పెట్టి ఇచ్చి, ఆడిట్ నివేదిక ఎప్పుడు పంపుతామో రాయాలి. ఒప్పుకోకపోతే అంతకుముందు మూడేళ్లవి, అంటే 2021-22 నుంచి, ఇవ్వవచ్చా అని రాతలో అడగాలి. తాత్కాలిక లెక్కల్ని ఆడిట్ అయినవాటి మధ్య కలిపేసి పంపితే, కనిపెట్టిన క్షణం నుంచి మిగతా కాగితాలన్నిటినీ అనుమానంతోనే చదువుతారు.

చోటు, పని – ఈ రెండూ ఒకే సర్టిఫికెట్‌లో తప్పిన ఉదాహరణ ఐఎస్ఓ 9001. గోడకు పటం కట్టి ఉంది, గడువూ ఉంది. ఈ సర్టిఫికెట్లు మామూలుగా మూడేళ్లకు ఇస్తారు, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ చేస్తారు. దగ్గరికెళ్లి చదివితే చిరునామా పాత షెడ్డుది. కింద 'పరిధి' అన్న చోట మెషినింగ్ అని మాత్రమే ఉంది, ఫ్యాబ్రికేషన్ లేదు. షాపు మొదట్లో లేత్ పనులు చేసేది, అప్పుడు తీసుకున్నదాన్నే పొడిగిస్తూ వచ్చారు. దరఖాస్తు చేస్తున్నది పైపు ఫ్యాబ్రికేషన్‌కు. ఈ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. చిరునామా, పరిధి మార్పించుకోవడానికి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మళ్లీ షెడ్డుకు వచ్చి ఆడిట్ చేయాలి, దానికి వారాలు పడుతుంది. ఇంకొకటి కూడా చూసుకోవాలి. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఎన్‌ఏబీసీబీ లాంటి గుర్తింపు మండలి అనుమతి ఉందా? ఐఏఎఫ్ సెర్ట్‌సెర్చ్ అనే ఉచిత జాబితాలో కంపెనీ పేరు వెతికి చూడవచ్చు. గుర్తింపు లేని ఐఎస్ఓలు మార్కెట్లో కొల్లలు. పటం మాత్రం చక్కగానే ఉంటుంది.

వెల్డర్ల దగ్గర నాలుగు పరీక్షలూ ఒక్కసారే ఎదురవుతాయి, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. ఫారం అడిగింది: 'ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం పైపు వెల్డింగ్‌కు అర్హత పొందిన వెల్డర్ల జాబితా, సర్టిఫికెట్లతో.' మన షాపు ఏడుగురి సర్టిఫికెట్లు పెట్టింది. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఇద్దరు ఉద్యోగం మానేసి గల్ఫ్ వెళ్లిపోయారు. ఇద్దరి పరీక్ష నిలువు ప్లేటు మీద జరిగింది, వాడుకలో 3జీ అంటారు. దాంతో చిన్న పైపులను అన్ని భంగిమల్లో వెల్డ్ చేసే అర్హత రాదు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి చేసే 6జీ పరీక్ష ముగ్గురికే ఉంది. ఆ ముగ్గురి సర్టిఫికెట్లు రెండేళ్ల కిందటివి. ఈ అర్హతకు ముగింపు తేదీ అంటూ ఉండదు, కానీ ఆ వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలల పాటు పనిచేయకపోతే అర్హత పోతుంది. అందువల్ల సర్టిఫికెట్ ఒక్కటే సగం రుజువు. ఆరు నెలల వ్యవధి దాటకుండా ఏ వెల్డర్ ఏ పనిలో ఏ పద్ధతిలో వెల్డ్ చేశాడో చూపే కొనసాగింపు రిజిస్టరు మిగతా సగం. మన షాపులో జాయింట్ల వారీగా వెల్డర్ నంబర్లు రాసిన పని కాగితాలున్నాయి, వాటి నుంచి రిజిస్టరు తయారుచేయవచ్చు. ఇది దొంగలెక్క కాదు. ఉన్న రికార్డును అడిగిన తీరులో పేర్చడం. ఆ కాగితాలే లేకపోతే మాత్రం మళ్లీ పరీక్ష పెట్టించడం ఒక్కటే దారి.

వెల్డర్ సర్టిఫికెట్ వెనక ఇంకో రెండు కాగితాలుంటాయి. ఎలా వెల్డ్ చేయాలో చెప్పే డబ్ల్యూపీఎస్ ఒకటి, ఆ పద్ధతి నిలుస్తుందని పరీక్షించి చూపిన పీక్యూఆర్ మరొకటి. డబ్ల్యూపీఎస్ ఎన్నో పీక్యూఆర్ ఆధారంగా రాశారో దానిలోనే ఉంటుంది. మన షాపు నాలుగు డబ్ల్యూపీఎస్‌లు పెట్టి మూడు పీక్యూఆర్‌లే జతచేసింది. నాలుగోది ఎక్కడుందని అడిగితే క్వాలిటీ కుర్రాడు, "అది వేరే కంపెనీ వాళ్లు ఇచ్చిందండి, అది చూసి రాసుకున్నాం" అన్నాడు. ఆ పీక్యూఆర్ వేరే కంపెనీది, వీళ్లది కాదు. ఆ నాలుగో డబ్ల్యూపీఎస్‌ను తీసేసి, ఆ రకం ఉక్కు పని ప్రస్తుతం చేయడం లేదని రాయడమే మర్యాద.

కొలత పరికరాల విషయంలో చిన్న మెలిక ఉంది. ప్రెషర్ గేజీలు, వెర్నియర్‌లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సరిచూపించిన సర్టిఫికెట్లు ఉన్నాయి. అవతలివాళ్లు తర్వాతి గడువు తేదీ అడుగుతారు, సర్టిఫికెట్ మీద అది చాలాసార్లు ఉండదు. ల్యాబు తనంత తానుగా ఆ తేదీ సూచించకూడదన్నది ఆ ల్యాబులు పాటించే ప్రమాణంలోని నియమం. ఎన్నాళ్లకోసారి సరిచూపించాలో నిర్ణయించాల్సింది పరికరం వాడేవాళ్లు. కాబట్టి ఇక్కడ లోటు సర్టిఫికెట్‌ది కాదు. పరికరం నంబరు, సరిచూపిన తేదీ, తర్వాతి తేదీ రాసిన షాపు సొంత జాబితా లేదు. ఒక మధ్యాహ్నం పని.

పీఎఫ్, ఈఎస్ఐ దగ్గర రిజిస్ట్రేషన్ పత్రం పెట్టి ఊరుకుంటారు. అది చేరినట్టు చెబుతుంది, కడుతున్నట్టు చెప్పదు. కట్టినట్టు చూపేవి నెలవారీ చలాన్లు, రిటర్నులు. వాటిలోని మనుషుల సంఖ్య ఫారం మొదటి పేజీలో రాసిన ఉద్యోగుల సంఖ్యతో కుదరాలి. మన షాపు మొదటి పేజీలో 50 అని రాసింది, చలాన్‌లో ఉన్నది 38. తేడా 12 మంది కాంట్రాక్టువాళ్లు. వాళ్ల చలాన్లు కాంట్రాక్టర్ పేరు మీద ఉంటాయి, అవి తెప్పించి జతచేయాలి. లేకపోతే చదివేవాడికి తోచే అర్థం వేరు.

ఆ 12 మంది ప్రమాదాల లెక్కలోనూ మళ్లీ కనిపిస్తారు. ఫారం పనిగంటలు పోయిన ప్రమాదాల రేటు అడిగింది. గడిలో సున్నా ఉంది. నిజానికి గత ఏడాది ఒక కాంట్రాక్టు కుర్రాడి కాలి మీద ఫ్లాంజ్ పడి కొన్నాళ్లు పనికి రాలేదు. 50 మంది, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 1,20,000 పనిగంటలు. మన దేశంలో వాడుకలో ఉన్నట్టు 10 లక్షల గంటలకు లెక్కకడితే ఆ ఒక్క ప్రమాదం 8.33 అవుతుంది. అమెరికా పద్ధతిలో 2 లక్షల గంటలకు లెక్కకడితే 1.67. ఏ పద్ధతో రాయకుండా అంకె మాత్రం ఇస్తే జవాబు ఇచ్చీ ఇవ్వనట్టే. సున్నా రాయడం మరీ ప్రమాదం. ఈఎస్ఐ ప్రమాదాల పుస్తకం అడిగితే అందులో ఉంటుంది. ఒక ప్రమాదం జరిగింది, కారణం ఇది, ఆ తర్వాత ఫ్లాంజులు ఎత్తే పద్ధతి ఇలా మార్చాం అని రాసిన షాపును ఎవరూ తిప్పికొట్టరు. 50 మంది వెల్డింగ్ చేసే షెడ్డులో మూడేళ్లు గీత కూడా పడలేదంటే నవ్వుకుంటారు.

పక్క ప్రశ్న ఈఎంఆర్ గురించి. అమెరికాలో కార్మికుల పరిహార బీమాకు అక్కడి సంస్థలు ఇచ్చే రేటింగ్ అది. విదేశీ మాతృసంస్థ ఫారాన్ని దింపుకున్నప్పుడు ఇలాంటివి వచ్చేస్తాయి. అకౌంట్స్ అమ్మాయి 'వర్తించదు' అని రాసింది, సరైనదే. కానీ పక్కన కారణం లేదు. కారణం లేని 'వర్తించదు'కూ ఖాళీకీ చదివేవాడి దృష్టిలో పెద్ద తేడా లేదు. 'ఈ రేటింగ్ భారతదేశంలో లేదు, మా కార్మికులు ఈఎస్ఐ పరిధిలో ఉన్నారు' అని ఒక్క వాక్యం చేరిస్తే గడి మూసుకుంటుంది.

'అవును అయితే వివరాలివ్వండి' అనే ప్రశ్నలది ఇంకో గోల. 'మీ పనిలో కొంత బయట చేయిస్తారా?' అన్నదానికి అవునన్నారు. ఆ అవుననగానే కింద నాలుగు గళ్లు తెరుచుకున్నాయి, అంతకుముందు ప్రింటు తీసుకున్న కాపీలో అవి లేవు. వీళ్లు బయట చేయించేది వెల్డ్ జాయింట్లకు రేడియోగ్రఫీ. రేడియోధార్మిక మూలం వాడే పని కాబట్టి ఆ ఏజెన్సీకి అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి. అంటే ఈ రుజువు మన షాపు ఫైళ్లలో ఎంత వెతికినా దొరకదు. మూడో మనిషిని అడగాలి.

నాలుగు రోజుల తర్వాత లిస్టు ఇలా తేలింది. 83 వరుసల్లో జవాబూ రుజువూ కుదిరినవి 46. జవాబు ఉండి కాగితం లేనివి 14. కాగితం ఉండి పేరో చోటో కాలమో పనో కుదరనివి 12. కారణం లేని 'వర్తించదు'లు 5. నిజంగా ఖాళీగా ఉన్నవి ఆరే, ముందు చెప్పినట్టే. కానీ తీర్చాల్సినవి 37.

ముప్పై ఏడూ ఒకే రోజు మొదలుపెట్టారు గానీ, ఫారం వరుసలో కాదు. ఏది రావడానికి ఎన్ని రోజులు పడుతుందో పక్కన రాసుకుని, ఎక్కువ రోజులు పట్టేదాన్ని మొదట కదిలించారు. ఐఎస్ఓ మార్పు, పాత కస్టమర్ నుంచి కంప్లీషన్ సర్టిఫికెట్, బ్యాంకు సాల్వెన్సీ పత్రం, ఇవన్నీ ఇతరుల చేతుల్లో ఉన్నవి. వీటికి ఉత్తరాలు అదే రోజు వెళ్లాయి. సంతకం పెడితే చాలనేవి, సొరుగులో ఉన్నవి, ఒక వాక్యం రాస్తే తీరేవి తర్వాత చూశారు. ప్రతి వరుసకూ ఒక మనిషి పేరు రాశారు. 'ఆఫీసు' అనో 'క్వాలిటీ' అనో రాస్తే ఎవరూ కదలరని యజమానికి అనుభవం.

భద్రతా విధానం దగ్గర ఒక చిన్న వాదన జరిగింది. కొత్త విధానం రాసి, పోయిన ఏడాది తేదీ వేసేద్దామన్నారు ఒకరు. పదకొండు నెలల కిందటి తేదీ వేసిన పీడీఎఫ్ నిన్న తయారైందని ఫైలు వివరాల్లోనే కనిపిస్తుంది. అదీ కాక షెడ్డు చూడటానికి వచ్చేవాళ్లు సూటిగా వెల్డర్ దగ్గరికెళ్లి "ఈ కాగితం మీకెప్పుడు చెప్పారు?" అని అడుగుతారు. చివరికి ఇవాల్టి తేదీతోనే సమీక్షించి, ముందు సమీక్ష ఆలస్యమైందని రాసి, తెలుగు, ఒడియా, హిందీ ప్రతులు గోడకు అంటించారు.

గడువు నాటికి 37లో 33 తీరాయి. మిగిలిన నాలుగింటిని దాచకుండా పైన ఒక పేజీలో రాసి పంపారు: ఐఎస్ఓ పరిధి మార్పుకు దరఖాస్తు చేసిన ఉత్తరం కాపీ, ఆడిట్ జరిగే తేదీ, 2024-25 లెక్కలు తాత్కాలికం, ఆడిట్ నివేదిక సెప్టెంబరు చివర, ఒక కంప్లీషన్ సర్టిఫికెట్ రాలేదు, బదులుగా వర్క్ ఆర్డర్, టీడీఎస్, అడిగిన మెయిల్, ఇంకో ఇద్దరు వెల్డర్లకు 6జీ పరీక్ష ఫలానా తేదీన. కొనేవాళ్ల నుంచి తిరిగి వచ్చిన ప్రశ్నలు రెండే. ఒకటి రేడియోగ్రఫీ ఏజెన్సీ లైసెన్సు ఇంకో నెలన్నరలో ముగుస్తోంది, పునరుద్ధరణ సంగతేమిటని. రెండోది వ్యాపార బదిలీ ఒప్పందంలో రెండో పేజీ స్కాన్ కాలేదని. అప్పుడు ఎక్సెల్ షీటులో ఒక కొత్త గడి చేరింది, ప్రతి కాగితానికీ ముగిసే తేదీ. దాని పక్కన ఇంకొకటి, స్కాన్ చేసిన పేజీల సంఖ్య.